గ్యారేజీలో కరెంటు కోత

నిర్మలాదేవి ఆంటీ మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, చేతిలోని ప్లాస్టిక్ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది.

"చూడమ్మా శ్రీజా. బూజు పట్టినవి అమ్ముతావా?"

డబ్బాలో నేను చేసిన ఖీమా ఉండలు ఉన్నాయి. వేయించి, చల్లార్చి, ఫ్రీజ్ చేసి లండన్ దగ్గర హౌన్స్‌లో అనే ఊళ్ళో తెలుగువాళ్ళకి అమ్ముతుంటాను. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి పులుసులో వేసుకుంటే చాలు. చక్కటి గోధుమరంగులో ఉండాల్సిన ఉండల మీద ఇప్పుడు బూడిదరంగు మచ్చలున్నాయి. మూత లోపలివైపు మంచు పొడి అతుక్కుని ఉంది.

"ఇది బూజు కాదాంటీ," అన్నాను.

"మరి విభూదా? పులుసులో ఎంత ఉడికించినా నమలలేకపోయాం. మా ఆయన పళ్ళు కట్టుడువి, తెలుసుగా. వచ్చే నెల మా అమ్మాయి నిశ్చితార్థం. వంట నీకే ఇద్దామనుకున్నా. ముందుగా ఓ డబ్బా మా ఇంటికి తెచ్చి చూపించు. మళ్ళీ ఇలాగే ఉంటే రుచితకి ఇస్తాను. గ్రూపులో కూడా పెడతాను."

గ్రూపంటే వాట్సప్‌లో ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళన్నీ ఉన్న గ్రూపు. అందులో ఒక్క ఫోటో పడితే నా ఉండలు కొనేవాళ్ళు ఈ ఊళ్ళో మిగలరు. నాలాగే వంటలు చేసి అమ్మే రుచిత మాత్రం ఆ ఫోటోకి పువ్వుల బొమ్మ పెట్టి, "అయ్యో పాపం శ్రీజ" అని రాస్తుంది.

ఆంటీ వెళ్ళాక హాల్లో సోఫా నుంచి నా వైపు రెండు జతల కళ్ళు తిరిగాయి. మా అత్తమామలు విజిట్ వీసా మీద తణుకు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్నారు. మామగారు శేషగిరి కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు నాగేశ్వరి ఆ డిపార్టుమెంటు మనిషి మీద పెత్తనం చేస్తూ, ఇంకా రిటైరవలేదు.

"పాత మాంసం కొనుంటావు. తక్కువకొస్తుందని," అన్నారు మామగారు.

"అబద్ధం ఎందుకూ, నేనూ అదే అనుకున్నా," అన్నారు అత్తగారు.

నా భర్త రఘు చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాడు. ఇంట్లో గొంతులు పెరిగినప్పుడల్లా ఆయనకి మీటింగు వస్తుంది.

వంటగదిలోకెళ్ళి ఒక ఉండని చేతిలోకి తీసుకున్నాను. మచ్చ దగ్గర వేలితో నొక్కితే అద్దుడు కాగితంలా ఉంది. వాసన లేదు, జిగురు లేదు. బూజైతే నూగు ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఎండిపోవడం. చుట్టూ మంచు ఉండగా ఎండిపోవడమేమిటని నాకే నవ్వొచ్చింది. కానీ మూతకి అంటుకున్న మంచు ఎక్కడిదో ఆలోచిస్తే విషయం అర్థమైంది. అది ఆ ఉండల్లోని తడే. గడ్డకట్టిన నీళ్ళు కరగకుండానే నేరుగా ఆవిరై బయటికొచ్చాయి. డబ్బాలో ఖాళీ ఉంది కాబట్టి ఆ గాల్లో తిరిగి, ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ మంచై కూర్చున్నాయి. నీళ్ళు పోయిన చోట ఖీమా గుల్లబారి, రంగు తప్పి, తోలులా అయింది. ఫ్రీజర్ బర్న్ అంటే ఇదే. కాలకుండానే కాలినట్టు కనిపిస్తుంది.

అయితే ఇవే డబ్బాల్లో ఏడాదిగా పెడుతున్నాను, ఎప్పుడూ ఇంత ఘోరం జరగలేదు. పైగా వంటగది ఫ్రీజర్లో ఉన్న అదే దఫా ఉండలు తీసి చూస్తే మూతకి కాస్త మంచు తప్ప బాగానే ఉన్నాయి. పాడైనవన్నీ గ్యారేజీలోని పెద్ద ఫ్రీజర్లోవే.

మర్నాడు ఒక చిన్న థర్మామీటర్ కొనుక్కొచ్చి గ్యారేజీ ఫ్రీజర్లో డబ్బాల మధ్య పెట్టాను. అది ఎంత చల్లబడిందో, ఎంత వేడెక్కిందో రెండూ గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున చూస్తే మైనస్ పద్దెనిమిది. రాత్రి పడుకునే ముందు వెళ్ళి చూస్తే, మధ్యలో ఎప్పుడో మైనస్ ఏడు దాకా వచ్చి వెళ్ళినట్టు చూపించింది. ఆ మర్నాడూ అంతే. కరగలేదు. కరిగి ఉంటే నీళ్ళు కారేవి, ఎవరైనా చూసేవారు. గట్టిగానే ఉంటూ లోపల్లోపల ఎండిపోతోంది.

ఆ తర్వాతి రోజు సాయంత్రం నాలుగింటికి మామగారు స్వెట్టరు తొడుక్కుని గ్యారేజీ వైపు బయల్దేరారు. వెనకాలే వెళ్ళాను. ఆయన గోడ దగ్గరికెళ్ళి, సబ్‌స్టేషన్లో నిలబడ్డట్టు నిలబడి, ఫ్రీజర్ స్విచ్చి టక్కుమని ఆపారు.

"మావయ్యగారూ!"

"అరుస్తావేంటమ్మాయ్? నాలుగు నుంచి ఏడు దాకా పీక్. యూనిట్ రేటు ఎక్కువ. మీ మీటరు బొమ్మ ఎర్రబడి ఏడుస్తోంది, కనిపించట్లేదా?"

మా వంటగదిలో స్మార్ట్ మీటరు తెర ఒకటుంది. వచ్చిన రోజు నుంచీ ఆయన టీవీ చూడటం మానేసి దాన్నే చూస్తున్నారు.

"మీరు రోజూ ఇలా ఆపేస్తున్నారా?"

"వచ్చిన వారం నుంచీ. మూత తియ్యకపోతే చల్లదనం ఎక్కడికి పోద్ది? మేం ఊళ్ళకి ఊళ్ళే ఆపేవాళ్ళం. ఎవడూ చచ్చిపోలా."

సరిగ్గా అప్పుడే అత్తగారు గ్యారేజీలోకొచ్చి, ఫ్రీజర్ మూత బార్లా ఎత్తి, కొబ్బరి కోరు ఎక్కడుందో తీరిగ్గా వెతకడం మొదలెట్టారు. రాత్రి వంటకి కావలసినవి ఆవిడ రోజూ ఆ వేళకే తీస్తారు.

"అత్తయ్యగారూ, మూత వెయ్యండి."

"ఏం, నీ సొత్తేమైనా పోతోందా?"

"పోతోంది."

ఉష్ణోగ్రత పైకెక్కినప్పుడు తడి ఆవిరై బయటికి వస్తుందనీ, మళ్ళీ దిగినప్పుడు అది మంచై మూతకి అంటుకుంటుందనీ, తిరిగి ఉండల్లోకి మాత్రం వెళ్ళదనీ, రోజూ ఎక్కించి దించితే రోజూ కాస్త తోడేసినట్టేననీ చెప్పాను. మామగారు మొత్తం విని, పాడైన డబ్బా ఒకటి తీసి గలగలలాడించారు.

"మరి ఇదేంటి? సగానికి ఉండలు, సగానికి గాలి. గాలి లేకపోతే నీ ఆవిరి ఎక్కడ తిరుగుద్దంట? ప్యాకింగు చేతకాక డిపార్టుమెంటు మీద తోస్తున్నావు. రుజువు చెయ్, అప్పుడు చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఆ డబ్బాలు వరసగా పేరిస్తే అందంగా ఉంటాయని కొన్నాను. ఉండలకి పైన బోలెడు ఖాళీ.

ఆ రాత్రి కొత్త ఉండలు చేశాను. కొన్ని పాత డబ్బాల్లోనే పెట్టాను. మిగిలినవి విడివిడిగా పళ్ళెంలో గట్టిపడనిచ్చి, మందపాటి జిప్ సంచుల్లో ఒకే వరసగా పరిచాను. ఒక మూల మాత్రం తెరిచి ఉంచి, సంచిని నీళ్ళ గిన్నెలో మెల్లగా ముంచితే నీళ్ళే గాలిని బయటికి నెట్టాయి. సంచి ఉండలకి చర్మంలా అతుక్కుంది. అప్పుడు మూల మూసి, తుడిచి, మీద ఇంకో సంచి తొడిగాను. డబ్బాల్లో సగం గ్యారేజీకి, సగం వంటగదికి. సంచులూ అంతే. ఆంటీకి చూపించాల్సిన సంచి మాత్రం వంటగది ఫ్రీజర్ అడుగున దాచాను.

"మీరు మీ కోత మానొద్దు మావయ్యగారూ," అన్నాను.

"నువ్వు చెబితే మానతానా?" అన్నారు.

నెల తిరిగేదాకా ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆయన నాలుగింటికి స్విచ్చి ఆపుతూ నా వంక చూసేవారు. ఏడింటికి వెయ్యడం అప్పుడప్పుడూ మర్చిపోయి, పడుకునే ముందు వేసేవారు. నేనేమీ అనలేదు. అనకపోవడం ఆయనకి మరీ చిరాకు. "ఏదో కుట్ర చేస్తోంది," అని అత్తగారితో అనడం విన్నాను. మనిషి తెలివైనవాడే.

ఆంటీకి డబ్బా చూపించాల్సిన ముందు రోజు ఖీమా ఉండల పులుసు చేశాను. మామగారికి అది ప్రాణం. రెండు గిన్నెల్లో వండి అందరికీ నేనే వడ్డించాను.

ఆయన మొదటి ఉండ కొరికి ఆగారు. రెండోసారి కొరికారు. ప్లేటు అంచున పెట్టి స్పూనుతో పొడిచారు.

"ఇదేంటి, అట్టముక్కలా ఉంది?"

"మాకు బాగానే ఉన్నాయే. మెత్తగా ఉన్నాయి," అన్నారు అత్తగారు నములుతూ.

"నీ పళ్ళకేం, రాళ్ళైనా నములుతావు. ఏవమ్మాయ్, నాకేం వేశావు?"

"మీవి గ్యారేజీ డబ్బాలోవి. రోజూ మీరు పీక్‌లో ఆపినవి. మిగతావాళ్ళవి వంటగది సంచిలోవి. ఒకే మాంసం, ఒకే చెయ్యి, ఒకే పులుసు."

"నన్ను చంపుదామనా!"

"తింటే ఏం కాదండి. నీళ్ళు మాత్రమే పోయాయి. ఎవడూ చచ్చిపోలా."

రఘు తల దించుకుని అన్నం కలుపుతున్నాడు. పాపం, ఆ వేళకి మీటింగులుండవు.

ఆ తర్వాత మిగతా రెండూ కూడా బల్ల మీదికి తెచ్చాను. వంటగదిలోనే ఉన్న డబ్బాలో ఉండలకి పైపైన కాస్త మంచు, అంచుల దగ్గర చిన్న మచ్చలు. గ్యారేజీలోనే ఉన్న సంచిలో లోపల సన్నగా మంచు పట్టింది గానీ ఉండలు చాలావరకు బాగున్నాయి. మామగారు కళ్ళజోడు పెట్టుకుని రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

"అంటే సగం తప్పు నీ గాలిది," అన్నారు చివరికి.

"సగం మీ స్విచ్చిది."

"నేనన్నది నీ సగం గురించి."

"నేనన్నదీ మీ సగం గురించే. నిశ్చితార్థం వంటకి ఉండలన్నీ ఈ చిన్న ఫ్రీజర్లో పట్టవు. గ్యారేజీది కావాలి. ఆపకుండా."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని పడుకోవడానికి వెళ్ళిపోయారు. పులుసు మిగిల్చారు. అత్తగారు ఆ గిన్నె వంక చూసి, "కుక్కకైనా పెట్టలేం, ఈ దేశంలో కుక్కలు కూడా బయట దొరకవు," అన్నారు.

మర్నాడు నిర్మలాదేవి ఆంటీ తన వంటింట్లో నా సంచిని దీపం కిందికి పట్టుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, లోపల మంచు రాలుతుందేమోనని దులిపి చూసింది. రాలలేదు. వేడి చేసి ఒకటి విరిచి, ముందు భర్త నోట్లో పెట్టింది. ఆయన నమిలి, మింగి, ఇంకోటి కోసం చెయ్యి చాపాడు.

"పర్లేదు," అంది ఆంటీ. ఆవిడ నోట ఆ మాట రావడమే ఎక్కువ. "నిశ్చితార్థానికి కానియ్. కానీ ఒక్క మచ్చ కనబడిందా, గ్రూపులో పెట్టేస్తాను. రుచిత నెంబరు నా ఫోన్లో పైనే ఉంది."

"ఉంచండాంటీ," అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. పరుగున గ్యారేజీలోకెళ్ళాను. ఫ్రీజర్ గుర్రుమంటోంది. స్విచ్చి మీద ఆయన చేతిరాతతో అట్టముక్క అంటించి ఉంది: "హాస్పిటల్ లైను. కోత లేదు."

హాల్లోకి వస్తే అత్తగారు శాలువా కప్పుకుని వణుకుతున్నారు. ఆవిడ కాళ్ళ దగ్గర ఉండే కరెంటు హీటరు చల్లగా పడి ఉంది. దాని తీగ మామగారి చేతిలో ఉంది.

"లోడు ఎక్కడో ఒకచోట తియ్యాలిగా," అన్నారాయన మీటరు మీద నుంచి చూపు తిప్పకుండా. "పైగా ఆ వేళకి మూత తీసేది ఎవరు?"

అత్తగారు నా వైపు చూశారు. ఆ చూపు మైనస్ పద్దెనిమిది దగ్గర నిలకడగా ఉంది.