జానెడు దాటని వైర్‌లెస్

హనీఫ్‌ను ఠాణాకు చేర్చింది బడి గేటుకు కట్టిన ఒక అట్టముక్క. ‘వైర్‌లెస్ కరెంటు ప్రదర్శన’ అని దాని మీద రాయించింది సైన్సు టీచరు జ్ఞానమణి. రాసింది ల్యాబు అటెండరు హనీఫ్. నిజాం మీద పోలీసు చర్య జరిగి నెల కాలేదు. రజాకార్ల వైర్‌లెస్ సెట్ల కోసం సికింద్రాబాదంతా జల్లెడ పడుతున్నారు.

మెట్టుగూడ ఒంటిగదిలో ఉండే జ్ఞానమణిని ‘తిన్నరా టీచరమ్మా?’ అని అడిగే మనిషి అతనొక్కడే. మూడు రోజులుగా ఆమెను ఎవరూ అడగలేదు.

నాలుగో రోజు బెజవాడ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు హనీఫ్‌ను బేడీలతో ల్యాబుకు తెచ్చాడు.

“ఏదమ్మా మీ వైర్‌లెస్? చూపించండి. బడి ప్రదర్శనకేనని ఇతను చెప్పింది అబద్ధమైతే జైలుకే.”

బల్ల మీద పళ్లెమంత రాగితీగ చుట్టలు రెండు. ఒకదానికి కరెంటు, అది మరీ ఎక్కువ పారకుండా మధ్యలో పెద్ద బల్బులు. రెండోదానికి టార్చిలైటు బల్బు తప్ప ఏమీ లేదు. జ్ఞానమణి స్విచ్చి వేసి, రెండు చుట్టలనూ ఎదురెదురుగా ఆనించింది. చిన్న బల్బు వెలిగింది.

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. “తీగ లేకుండా పంపిస్తున్నారన్నమాట! ఎంత దూరం పోతుంది? బీదరు దాకానా?”

“మీరే పట్టుకుని చూడండి.”

అతను చుట్ట పట్టుకుని వెనక్కు జరిగాడు. బల్బు ఎర్రబడింది. జానెడు దూరంలో ఆరిపోయింది.

“మీరేదో ఆపేశారు.”

“లేదండీ. ఆ చుట్టలో కరెంటు అటూ ఇటూ కొట్టుకుంటుంటే చుట్టూ అయస్కాంత శక్తి ఊగుతుంది. అది మీ చుట్ట నడుమ నుంచి దూరితేనే బల్బుకు కరెంటు. దూరం పోయేకొద్దీ దూరేది మరీ తగ్గిపోతుంది. ఇప్పుడు దగ్గరకొచ్చి, దాని నడుమకు ఎదురుగా మీ చుట్ట అంచు పెట్టండి.”

పెట్టాడు. బల్బు వెలగలేదు.

“పక్కనుంచి జారిపోతుంది, లోపలికి దూరదు. ఎదురుగా తిప్పండి.”

తిప్పాడు. వెలిగింది. పసివాడిలా నాలుగుసార్లు తిప్పి చూశాడు.

“మరి వైర్‌లెస్ అని ఎందుకు రాశారమ్మా?”

“వైరు లేదు కదండీ!”

“గోడ అవతలికి కూడా పోని దానికి మూడు రోజులు కొట్టాంరా నాయనా,” అని అతను బేడీలు తీయించి వెళ్లిపోయాడు.

హనీఫ్ మణికట్లు రుద్దుకుంటూ గడపలోనే నిలబడ్డాడు.

“సోమవారం ఏడో తరగతికి ఇదే చూపిద్దాం హనీఫ్. నువ్వు చుట్ట పట్టుకో.”

“మా అమ్మ నూర్‌బీ గుల్బర్గకు పోయిందంట టీచరమ్మా. నేను సుత పోతున్న. గల్లీల అందరు నన్ను గిట్ల తేరిపార చూస్తున్నరు.” గడప దిగుతూ అడిగాడు: “తిన్నరా?”

“తిన్నాను,” అంది. తినలేదు.

సోమవారం పిల్లలు రాకముందే ఆమె రెండో చుట్టను డబ్బాకు ఆనించి నిలబెట్టి, స్విచ్చి దగ్గరకు వెళ్లింది. వేసింది. బల్బు వెలగలేదు. చుట్ట పక్కకు వాలిపోయింది. ఆర్పి, వచ్చి సరిచేసి, మళ్లీ స్విచ్చి దగ్గరకు నడిచింది. ఈసారీ అది వాలింది.

బడి గంట మోగేదాకా ఆమె స్విచ్చికీ చుట్టకూ మధ్య తిరుగుతూనే ఉంది.