లెక్కకు రాని మాట

1946లో విజయనగరం దగ్గర కొత్తగా కట్టిన మిషన్ ఆసుపత్రికి ఇటలీ నుంచి ఒక సిస్టర్ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని దుబాసీ కావలసివచ్చింది. నరసన్నపేట రైతుబిడ్డ జగన్నాధం వచ్చి నిలబడ్డాడు. పట్టాళంలో చేరి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చి, యుద్ధంలో పట్టుబడి, ఇటలీలో ఒక రైతు ఇంట మూడేళ్లు చాకిరీ చేసినవాడు. ఈ కొలువు దొరక్కపోతే జనపనార మిల్లులో బస్తాలు మోయాల్సిందే.

అతన్ని పరీక్షించడానికి ఇంగ్లీషు చెప్పే భీమశంకరరావు పంతులుగారిని పిలిపించారు. ఆయనకు ఇటలీ భాష ఒక్క ముక్క రాదు. రాకపోవడం ఆయనకు ఎన్నడూ అడ్డు కాలేదు. చంకలో నిఘంటువు, చేతిలో ఎర్ర సిరా కలం. ప్రతి ఇంగ్లీషు మాట కిందా దాని జోడీ ఉండాలి. జోడీ లేని మాట కనిపిస్తే కొట్టేయడమే. ముప్పయ్యేళ్లుగా పిల్లల వాక్యాలను అలాగే గొరిగారు.

"బిడ్డకు పాలు ఇవ్వండి", "పాలు పిల్లలకు మంచివి", "పాలు లేవు" అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చారు. జగన్నాధం ఇటలీ భాషలో రాశాడు: "దాతె దెల్ లాత్తె అల్ బంబీనో." "ఇల్ లాత్తె ఫా బేనె ఆయ్ బంబీని." "నోన్ చె లాత్తె."

"ఒరే, ఇంగ్లీషులో పాలకు ముందు ఏముందిరా?"

"ఏటీ లేదు బాబూ."

"మరి ఈ దెల్ ఎక్కడిది? ఆ ఇల్ ఎవడిచ్చాడు?"

"ఇంగ్లీషోడు ఊరుకున్న సోట ఇటలీవోడు ఊరుకోడు బాబూ. కాసిన్ని పాలు పొయ్యమంటే దెల్. లోకంలో పాలన్నీ మంచివే అంటే ఇల్. అసలు లేవంటే ఏటీ అక్కర్లేదు."

"ఒక్క పాలకు మూడు వేషాలా! వంటింట్లో నేర్చిన భాష మరి!"

వంటింట్లోనే నేర్చాడు. మొదటిరోజు కాస్త రొట్టె కోసం దెల్ పానె అనకుండా ఇల్ పానె అని అడిగితే, ఆ రైతు ఇంటి ముసలామె రొట్టె మొత్తం ఎత్తి చేతిలో పెట్టింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ నవ్వు నేర్పిన పాఠం పంతులుగారి నిఘంటువులో ఎక్కడుంటుంది?

ఎర్ర గీత దెల్ మీద పడింది, ఇల్ మీదా పడింది. మూడో వాక్యానికి మాత్రం, "ఇదొక్కటే శుద్ధంగా ఉంది" అని మెచ్చుకున్నారు. జగన్నాధానికి మిల్లు బస్తాలు కళ్ల ముందు కదిలాయి.

సిస్టర్ కాగితం అందుకుంది. దిద్దిన మొదటి వాక్యం దగ్గర ఫరవాలేదన్నట్టు తలూపింది. రెండోది చదివి కిసుక్కున నవ్వి, జగన్నాధం వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నారు పంతులుగారు.

"ఇది మాటకింతని లెక్కగట్టి తంతి కొట్టే గుమస్తా రాసినాడా అని అడుగుతన్నాది బాబూ."

పంతులుగారి ముఖం సిరా రంగుకు తిరిగింది. సిస్టర్ ఎర్ర గీతల కింద మిగిలిన నల్ల అక్షరాలు పోల్చుకుని, మెల్లగా పైకి చదివింది. "బేనె, బేనె" అని మెచ్చుకుంటూ జగన్నాధంతో చాలాసేపు మాట్లాడింది.

"ఏమిటిరా?"

"రేపట్నుంచి కొలువుకి రమ్మంటన్నాది బాబూ."

"అంత పొడుగు మాటకు ఇంతేనా?"

"మిగిలింది తమరి గురించి. దానికి జోడీగా ఇంగ్లీషులో మాట లేదు బాబూ, కొట్టేసినాను."