మరమ్మతు ఏ రోజో తెలియజేయగలరు

నవంబరు పదకొండు, సోమవారం. ఆ మధ్యాహ్నం బాతు తొడ, ఎర్ర క్యాబేజీ, బంగాళాదుంప ఉండలు తిన్నాను. సెయింట్ మార్టిన్ పండుగ పూట జర్మనీ తూర్పు అంచున ఉన్న మా ఊరు గ్యోర్లిట్స్‌లో చాలామంది తినేదే. మా అంతస్తులోనే ఎదురింట్లో ఉండే రోస్‌వీత వండి, పళ్ళెం మీద మూతపెట్టి తెచ్చింది. నా భార్య ఇల్సె పోయినప్పటి నుంచి ఏ పండుగకూ ఆమె నన్ను మరచిపోలేదు.

ఆ రోజు ఆమె కోటు వేసుకుని వచ్చింది.

"ఎక్కడికైనా బయల్దేరారా?" అన్నాను.

"లేదు మాస్టారూ, వంటింట్లోంచే వస్తున్నా. మా ఇంట్లో ఇప్పుడు కోటు లేకుండా ఉప్పు కూడా వెయ్యలేం."

వెళ్ళి చూశాను. మూడు గదుల్లోనూ, గొట్టాల్లో వచ్చే వేడినీళ్ళతో నడిచే హీటర్లు రాయిలా చల్లగా ఉన్నాయి. లోపల గాలి చేరిందేమోనని చిన్న తాళంచెవితో మర తిప్పాను. గాలి రాలేదు, చల్లటి నీళ్ళు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం వేడి ఎప్పటిలాగే ఉంది. కింది నుంచి మా వైపుకు వచ్చే గొట్టం వేరు, వాళ్ళ వైపుకు వెళ్ళే గొట్టం వేరు. వాళ్ళ పైవాటా ఖాళీ, కిందివాటా సామాన్ల గోదాము. అందుకే ఇంకెవరికీ తెలియలేదు.

మామూలు రోజుల్లో అయితే రెండు స్వెట్టర్లు వేసుకుని ఊరుకునేది. కాని ఆమె భర్త ఎక్‌హార్ట్ శుక్రవారం ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలి. ఊపిరితిత్తుల జబ్బుకు ఇక వైద్యం లేదన్నారు. చివరి రోజులు తన గదిలో, తన కిటికీ దగ్గర గడపాలని అతని కోరిక. గది వెచ్చగా ఉంటేనే పంపుతామని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు.

"ఇంటి యజమానికి రాయండి మాస్టారూ. నేను రాస్తే అందులో తిట్లే ఉంటాయి."

ఆమె చెబుతుంటే నా ఫోనులో రాశాను. మొదట్లో ముప్పై ఏళ్ళ కోపం, మెట్ల మీద వెలగని దీపం, పాత ఫిర్యాదులు అన్నీ వచ్చాయి. ఒక్కొక్కటే తీసేశాను. చివరకు ఇంత మిగిలింది:

'గౌరవనీయులైన క్రెచ్మర్ గారికి, రెండో అంతస్తు ఎడమవైపు మా ఇంట్లో నిన్నటి నుంచి ఏ హీటరూ వేడెక్కడం లేదు. గదుల్లో పదమూడు డిగ్రీలే ఉంది. దయచేసి వెంటనే బాగుచేయించండి. మనిషి ఏ రోజు, ఏ సమయానికి వస్తాడో ముందుగా తెలియజేయగలరు. నమస్కారాలతో, రోస్‌వీత హైన్‌ట్షెల్.'

"ఎక్‌హార్ట్ వస్తున్నాడని ఒక్క మాట చేరుద్దామా?" అన్నాను.

"వద్దు. మా ఆయన ఊపిరితిత్తులతో ఆయనకేం పని? వేడి ఇవ్వడం ఆయన బాధ్యత. జాలిపడమని మనం అడగడం లేదు."

అలాగే పంపాను.

మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది, మధ్యాహ్నానికి మనిషీ వచ్చాడు. నేలమాళిగలోకి నేనూ దిగాను. ఎడమవైపు గొట్టానికున్న పాత వాల్వు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

"దీని వయసు నాకంటే ఎక్కువ తాతా. లోపల విరిగి, మూసుకున్నచోటే బిగుసుకుపోయింది. కొత్తది తెప్పించాలి. అది వేసేటప్పుడు ఈ భవనం మొత్తానికీ గొట్టాల్లో నీళ్ళు దింపేయాలి."

"ఎప్పటికి?"

"వచ్చే గురువారం."

"ఈ గురువారం కాదా?"

"ఈ గురువారానికి సామాను దారిలో ఉంటే నా అదృష్టం."

పైకి వచ్చి చెప్పాను. రోస్‌వీత కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆయన వస్తున్నాడన్న ఆ మాట చేర్చి మళ్ళీ రాయండి" అంది. అంత ఆత్మాభిమానం గల మనిషి ఆ మాట అనడం చూడలేక తల దించుకుని రాశాను.

క్రెచ్మర్ గారు ఆ సాయంత్రమే వచ్చారు. చెరో చేతిలో ఒక కరెంటు హీటరు. టోపీ తీసి, మా ముందే నిలబడి డ్రెస్డెన్, కాట్‌బుస్ నగరాల్లోని దుకాణాలకు ఫోన్లు చేశారు. ఆ కొలత వాల్వు ఎక్కడా లేదు.

"ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు.

"చెబితే మీ జేబులోంచి వాల్వు ఊడిపడేదా?"

ఆయన "లేదమ్మా" అన్నారు. అబద్ధమాడనందుకు నాకాయన మీద గౌరవం కలిగింది.

రెండు హీటర్లూ ఒకేసారి పెడితే ఫ్యూజు పోతోంది. ఒక్కటి పెడితే గది పదహారు దాటడం లేదు. ఎక్‌హార్ట్‌కు పెట్టే ఆక్సిజన్ యంత్రం కూడా అదే కరెంటు మీద నడవాలి. అది ఆగిపోతుందన్న భయంతో ఆమె రెండో హీటరు తీగ తానే పీకేసింది. అప్పుడు ఇల్సె కుట్టుపని చేసుకునే గది గుర్తొచ్చింది.

"మా ఇంట్లో వేడి ఉంది కదా. ఇక్కడికే తీసుకురండి."

శుక్రవారం అంబులెన్సువాళ్ళు ఎక్‌హార్ట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు ఎక్కించారు. తన తలుపు ముందు ఒక్క క్షణం ఆపమన్నాడు. తర్వాత నా గుమ్మంలోకి వస్తూ, "మాస్టారూ, కుదురుగా ఉండే కిరాయిదారుణ్ణే పట్టారు. గోడకు మేకులు కొట్టను, అర్ధరాత్రి డాన్సులు చెయ్యను" అన్నాడు.

"మీ గురక సంగతి నాకు ముందే తెలుసు."

"అది గొట్టాల చప్పుడండీ. క్రెచ్మర్‌కు రాయండి."

నవ్వితే దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

నా గది కిటికీలోంచి పెరడు, సైకిళ్ళు, చెత్తడబ్బాలు కనిపిస్తాయి. అతని కిటికీలోంచి వీధి, ట్రాము, దూరంగా నది అవతలి పోలండ్ ఇళ్ళ కప్పులు కనిపిస్తాయి. అతను ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. రోజూ పొద్దున మాత్రం, "తేదీ ఏమైనా ముందుకు జరిగిందా?" అని అడిగేవాడు. లేదని చెప్పడం నా వంతు.

గురువారం చెప్పిన సమయానికే మనిషి వచ్చాడు. భవనమంతా నీళ్ళు దింపారు. అందరి ఇళ్ళూ చల్లబడ్డాయి, అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు. మా పైవాటా, మూడో అంతస్తు ఆవిడ వేడినీళ్ళ రబ్బరు సంచీ తెచ్చి నా గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండానే వెళ్ళిపోయింది. క్రెచ్మర్ గారి హీటర్లు నా ఇంట్లో వేర్వేరు గదుల్లో పెడితే ఫ్యూజు నిలిచింది.

మధ్యాహ్నానికి ఎదురింటి హీటర్లు వేడెక్కాయి. రోస్‌వీత దుప్పట్లు మార్చి, కిటికీ అద్దం తుడిచి, చెంపలు ఎర్రబడి వచ్చింది. "ఇరవై రెండు డిగ్రీలు మాస్టారూ! ఇక మోసుకెళ్ళడమే."

ఇంటికొచ్చి చూసే డాక్టరమ్మ చీకటి పడే వేళకు వచ్చింది. ఎక్‌హార్ట్ నాడి చూసి, శ్వాస విని, రోస్‌వీతను నడవలోకి పిలిచింది.

"ఇప్పుడు కదపవద్దండి."

"ఎదురింటికేనమ్మా. తలుపు నుంచి తలుపుకి."

"తెలుసు. లేపి కూర్చోబెడితే తట్టుకోలేరు."

"మరి రేపు?"

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మందు ఎలా ఇవ్వాలో చూపించి, నొప్పి ఉండదని మాత్రం మాటిచ్చింది.

నా ఫోను మోగింది. క్రెచ్మర్ గారు: 'గది వేడెక్కిందా?' రోస్‌వీతకు చూపించాను. "ఎక్కిందని రాయండి" అంది. 'వేడెక్కింది. ధన్యవాదాలు' అని రాశాను.

లోపలి నుంచి ఎక్‌హార్ట్ అడిగాడు. "బాగైందా?"

"బాగైంది."

"నిజంగా? నన్ను ఊరడించడానికి చెప్పడం లేదు కదా?"

ఆమె గబగబా ఎదురింటికి వెళ్ళింది. హీటరు మీద రెండు అరచేతులూ ఆనించి, వాటిని ఛాతీకి అదుముకుని తిరిగొచ్చి అతని చెంపల మీద పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"మన హీటరే" అన్నాడు.

"దారిలో సగం చల్లారిపోయింది. ఉండు, ఇంకోసారి తెస్తా."

అలా ఎన్నిసార్లు తిరిగిందో. చివరిసారి వచ్చేసరికి అతను నిద్రలో ఉన్నాడు. అయినా ఆమె చేతులు అలాగే అతని చెంపల మీద ఉంచి, మంచం అంచున కూర్చుంది. నేను నడవలో దీపం ఆర్పి, ఆ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.