ఆకుపచ్చ అంచు తలపాగా

ఏకాదశి మర్నాడు పండరిపురంలో ఒక ముసలాయన తప్పిపోయాడని చెబితే ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎలాంటి బట్టలు కట్టుకున్నాడు?" అని. దానికి జవాబు చెప్పిన మరుక్షణం అడిగినవాడి ముఖంలో ఆసక్తి చచ్చిపోతుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన ఉత్తరీయం, తలకు పాగా. వీధిలో ఎటు చూసినా అదే. దేవుడే దిగివచ్చినా ఆ తెలుపులో తన భక్తుణ్ణి పోల్చుకోలేడు.

గజరాబాయి భర్త భానుదాస్ నిన్న పొద్దున చంద్రభాగలో స్నానానికి దిగినప్పుడు చేయి వదిలించుకున్నాడు. ఏడాదిగా ఆయనకు మతిమరుపు ముదిరింది. పేరు అడిగితే ఒకోసారి చెబుతాడు, ఒకోసారి నవ్వి ఊరుకుంటాడు. ఊరి పేరైతే ఎప్పుడో పోయింది. అలాంటి మనిషిని ఊరి భక్తుల దిండీతో కాలినడకన తీసుకొచ్చింది తనే. "విఠోబా దగ్గరికి తీసుకెళ్తే బాగుపడతాడేమో" అన్నదీ తనే. ఆ మాట ఇప్పుడు ఆమె గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

పోలీసు చౌకీలో హవల్దారు ఆధార్ కార్డు చూసి పెదవి విరిచాడు. "ఇదేం ఫోటో అమ్మా, బోడితల, నల్ల మీసం. ఇప్పుడు ఎలా ఉన్నాడో, ఏం కట్టుకున్నాడో తెలిసేలా నిలువెత్తు ఫోటో తెండి. అన్ని శిబిరాల వాట్సాప్ గ్రూపులకీ పంపిస్తాను."

అలాంటి ఫోటో లేదు. ఉన్నదల్లా మరిది మారుతి దారిలో బంతిభోజనం దగ్గర తన ఫోన్లో తీసినది. అందులో భానుదాస్ నడుము దాకానే ఉన్నాడు. పక్కవాడి తల అడ్డొచ్చి పాగాలో సగం కనిపించదు.

అందుకే ఇద్దరూ సారిక కొట్టుకి వచ్చారు. గుడికి పోయే సందులో ఆమెది ఫోటో స్టూడియో. యాత్రికులు తమ ఫోటో ఇస్తే, కంప్యూటర్‌కి నాలుగు వాక్యాలు రాసి, అదే ముఖంతో, పెళ్ళికొడుకు పాగాతో, వెనక గుడి గోపురంతో బొమ్మ చేయించి ఇస్తుంది. పండగ రోజుల్లో ఆ కొట్టు ముందు గుంపు విడవదు. ఇవాళ మాత్రం సారిక గుంపును పక్కకు జరిపి గజరాబాయిని స్టూలు మీద కూర్చోబెట్టింది.

మొదట వచ్చిన బొమ్మ చూసి మారుతికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముఖం భానుదాస్‌దే. నెత్తిన కాషాయపు ఫేటా, దానికి విసనకర్రలా నిలబడిన కుచ్చు, వీపు మీద పొడుగాటి తోక. ఒంటిమీద బంగారు గుండీల పట్టు కుర్తా. కింద పైజామా.

"మా అన్నకి మళ్ళీ పెళ్ళి చేస్తున్నావా, అక్కా?"

"దీని తప్పు కాదు, అన్నా. నేను 'మరాఠీ తలపాగా' అని రాశాను. అది చూసిన తలపాగాలన్నీ పెళ్ళిళ్ళవే. ఫోటోలో కాళ్ళు లేవు కదా, అందుకని తనకి తెలిసినది తొడిగేసింది. పేరు చెబితే లాభం లేదు, కంటికి ఎలా కనిపిస్తుందో చెప్పాలి." ఆమె గజరాబాయి వైపు తిరిగింది. "పిన్నీ, కళ్ళు మూసుకుని చెప్పు. బాబాయి పంచె ఎలా కడతాడు?"

గజరాబాయి కళ్ళు మూసుకుంది. ఈ ఏడాదంతా ఆ పంచె కట్టింది ఆమే కదా. ఒకటే గుడ్డ. నడుముకు చుట్టి, ముందు కుచ్చిళ్ళు పోసి లోపలికి దోపి, ఇంకో కొసను కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి నడుం దగ్గర గోచీ దోపాలి. మోకాలి కింద పిక్కలు బయటికి కనిపిస్తాయి. నూలు గుడ్డ, ఉతికి ఉతికి పాలిపోయిన తెలుపు. ఆమె చెబుతుంటే సారిక అలాగే రాసింది. చొక్కా మోకాళ్ళకి కొంచెం పైన ఆగుతుంది, కాలరు లేదు, ఛాతీ సగం దాకా మూడు గుండీలు, ఎడమవైపు జేబు. ఉత్తరీయం నిలువునా మడిచి ఎడమ భుజం మీద, ఒక కొస ముందుకీ ఒక కొస వెనక్కీ.

పాగాకి తోక వద్దని రాస్తే తోక ఇంకా పొడుగైంది. సారిక నాలుక కరుచుకుంది. "వద్దన్న మాటే పట్టుకుంటుంది ఇది, మా అత్తగారిలాగా." ఆ వాక్యం తీసేసి, 'గుడ్డను మెలిపెట్టి తల చుట్టూ వదులుగా చుట్టారు, చివరి కొస మెడ వెనక లోపలికి దోపి ఉంది' అని రాసింది. ప్రతిసారీ పాత బొమ్మను దిద్దకుండా మారుతి తీసిన ఫోటోనే మళ్ళీ పెట్టింది. దిద్దినదాన్నే దిద్దుతూ పోతే ముఖం కొద్దికొద్దిగా వేరేవాడిది అయిపోతుందట.

అప్పుడు సారిక ఫోటోను పెద్దది చేసి, కనిపిస్తున్న సగం పాగా మీద వేలు పెట్టింది. "పిన్నీ, ఇక్కడ ఆకుపచ్చగా గీతలా ఉంది. అంచా? నీడా?"

గజరాబాయి చంకలోని సంచిని దగ్గరకు లాక్కుంది.

"నీడే" అంది.

"గుడ్డ కూడా కాస్త రంగుగా..."

"తెల్లదే, తల్లీ. తెల్ల పాగా."

సారిక 'శుభ్రమైన తెల్ల నూలు తలపాగా' అని రాసింది. బొమ్మ వచ్చింది. భానుదాస్ నిలువెత్తున, మచ్చ లేని తెలుపులో, గౌరవంగా నిలబడ్డాడు. అంత దుఃఖంలోనూ గజరాబాయికి క్షణం పాటు కడుపు నిండినట్టయింది. ఊరంతా చూడబోయే బొమ్మ ఇది. ఇందులో ఆయన పరువుగా ఉన్నాడు.

సారిక ఆ బొమ్మ పక్కన అసలు ఫోటోలోని ముఖం అతికించి, కింద 'బట్టలు తెలియడానికి కంప్యూటర్‌తో చేసిన బొమ్మ' అని రాసి ఇచ్చింది. హవల్దారు దాన్ని సేవాశిబిరాలన్నిటికీ పంపాడు. మధ్యాహ్నం దాటింది. దిండీలు లారీలెక్కి వెళ్ళిపోతున్నాయి. జనం పలచబడేకొద్దీ గజరాబాయికి భయం పెరుగుతోంది. ఇంతమందిలో దొరకలేదంటే ఒక అర్థం. ఖాళీ ఊళ్ళో దొరకకపోతే ఇంకో అర్థం.

ఆ ఇంకో అర్థమే చెబుతూ ఫోన్ వచ్చింది. నది దిగువ మలుపులో ఒక శవం దొరికింది. ముసలాయనే. పంచె, ఉత్తరీయం, తెల్ల పాగా. "మీరిచ్చిన బొమ్మతో అన్నీ సరిపోతున్నాయి" అన్నాడు హవల్దారు.

గజరాబాయి ఎలా నడిచిందో ఆమెకు గుర్తులేదు. ఒడ్డున చాప మీద ఆ మనిషి ఉన్నాడు. నీళ్ళలో నాని ముఖం పోల్చుకునేలా లేదు. మారుతి ఒక్క చూపు చూసి, "అన్నా" అని నేలమీద కూలబడ్డాడు. హవల్దారు టోపీ తీశాడు. పక్కనే తడి పాగా మడిచిపెట్టి ఉంది.

గజరాబాయి ఏడవలేదు. ఆ గుడ్డను అందుకుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్ళతో తడుముతూ పోయింది. మళ్ళీ మొదటికొచ్చి తడిమింది.

"అంచు లేదు" అంది.

"వదినా, లే."

"ఇది తెల్లది, మారుతీ. మీ అన్నది తెల్లది కాదు."

"తెల్లదని చెప్పింది నువ్వేగా, వదినా."

అవును, తనే చెప్పింది. ఎవరో అభాగ్యుడు ఆ చాప మీద తన మొగుడి బట్టల్లో పడుకున్నాడు. కాదు, బొమ్మలో తన మొగుడికి ఎవరివో బట్టలు తనే తొడిగించింది. బతికున్నవాణ్ణి పోల్చుకోకుండా చేసి, చచ్చినవాడితో ముడిపెట్టింది. ఆ మనిషి పాదాలకు దణ్ణం పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా సారిక కొట్టుకేసి పరుగెత్తింది.

"నీడ కాదు, తల్లీ. అంచే" అంటూ సంచిని బల్ల మీద బోర్లించింది. లోపలున్న అటుకులు, తులసిమాల, భర్త తువ్వాలు చెల్లాచెదురయ్యాయి. ఖాళీ సంచిని విప్పి చూపించింది. వెలిసిపోయిన లేత పసుపు గుడ్డ, ఒకవైపు బొటనవేలంత ఆకుపచ్చ అంచు. "పోయినేడు వాన పడలా, పంట రాలా. పాగాకి కొత్త గుడ్డ కొనలేకపోయా. నా తొమ్మిది గజాల చీర చిరిగితే, బాగున్న ముక్క ఆయన తలకి చుట్టా. మిగిలింది సంచి కుట్టా. ఆడదాని చీర మగాడి నెత్తిన పెట్టానని పదిమందికీ ఎలా చెప్పను? సిగ్గేసింది. నా సిగ్గు కాలిపోను."

మారుతి వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దారి పొడుగునా అన్న పక్కనే నడిచాడు గాని పాగా వైపు ఒక్కసారి చూసినవాడు కాదు. ఇప్పుడు తల దించుకున్నాడు.

సారిక బల్ల మీదవి పక్కకు జరిపింది. సంచిని వెలుతురులో పరిచి ఫోటో తీసింది. ముఖానికి పాత ఫోటో, గుడ్డకి ఈ ఫోటో, రెండూ కలిపి పెట్టింది. "అంచు చుట్టులో ఎక్కడ పడుతుంది, పిన్నీ?"

"నుదుటి పైన ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా ఎక్కుతుంది. తర్వాత మెలికలో మాయమై, చెవి వెనక మళ్ళీ కాస్త కనిపిస్తుంది."

ఒకసారి అంచు జరీ అయింది. 'మెరుపు లేని నూలు, వెలిసిన ఆకుపచ్చ' అని రాశాక దారికొచ్చింది. ఇంకోసారి పంచె పైజామా అయింది, సారిక మొదటి వాక్యాలన్నీ తిరిగి చేర్చింది. చివరికి తెర మీద నిలబడ్డవాణ్ణి చూడగానే గజరాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పేదవాడు, అలిసినవాడు, చీరముక్క చుట్టుకున్నవాడు. ఆమె మొగుడు.

బొమ్మ వెళ్ళిన కాసేపటికే బస్టాండు వెనక శిబిరం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి నర్సు వాళ్ళను గుమ్మంలోనే పట్టుకుని చెరిగేసింది. "నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాడు. మీ మొదటి బొమ్మ పక్కన పెట్టి చూశాం కూడా. ముఖం కాస్త పోలినట్టే ఉంది గానీ, తెల్ల పాగా అన్నారు, ఈయనది కాదాయె. పక్కకి పెట్టేశాం. చీకటి పడితే సోలాపూర్ అనాథాశ్రమం బండెక్కించేవాళ్ళం." ఆమె గొంతు తగ్గింది. "బట్టలన్నీ ఉతకడానికి ఇచ్చాడమ్మా, పాగా ముట్టుకోనివ్వలా. ఇది తీస్తే మా ఆవిడ నన్ను పోల్చుకోలేదు అంటాడు."

గజరాబాయి గుడారపు గుంజ పట్టుకుంది. పేరు మరిచిపోయాడు, ఊరు మరిచిపోయాడు. ఆ చీరముక్కను నమ్ముకుని కూర్చున్నాడు. తను దాన్నే తుడిపేసింది.

భానుదాస్ మంచం మీద కూర్చుని ఆమె ముఖంలోకి చూశాడు. కొత్తవాళ్ళను చూసినట్టు మర్యాదగా నవ్వాడు. తర్వాత చూపు సంచి మీదకి జారింది. వంగి దాని అంచును వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఇంకో చేత్తో తలను తడుముకున్నాడు.

"ఇది మా ఆవిడది" అన్నాడు. "ఆవిడేదీ?"

గజరాబాయి ఆయన పాదాల దగ్గర కూర్చుంది.

"వచ్చింది" అంది. "కాస్త ఆలస్యమైంది."