అంచనాలను మించిన కెటిల్

ఆన్‌లైన్ దుకాణంలో రివ్యూలు పరిశీలించే ఆమెకు ఆ కరెంటు కెటిల్ మీద అనుమానం వచ్చింది. పొగడ్తలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. చాలావాటిలో "నా అంచనాలను మించిపోయింది", "ప్రతి ఇంట్లో ఉండాల్సిందే" అన్న మాటలు ఒకే వరుసలో వస్తున్నాయి. కెటిల్ అన్న మాట తీసేస్తే దుప్పటికైనా సరిపోతాయి. నీళ్లు ఎంతసేపటికి మరిగాయో, మూత గట్టిగా పడుతుందో లేదో ఒక్కరూ రాయలేదు.

వాటి అడుగున ఒకావిడ రాసింది: "పోస్తుండగా పిడి ఊడొచ్చింది. మా అత్తయ్య కాలు బొబ్బలెక్కింది."

అది చదివి ఆమె నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"ఈ పొగడ్తలు మెషిన్‌తో రాయించినవి సార్. అమ్మకం ఆపండి."

"జనం అలాగే రాస్తారమ్మా. మా బావగారు దేనికైనా 'సూపర్' అనే రాస్తారు."

"అందుకే మాటలొక్కటే చూడలేదు సార్. ఈ ఖాతాలన్నీ ఒకే వారంలో తెరిచారు, ఒక్కరూ కెటిల్ కొనలేదు. నిజంగా కొని 'బాగుంది' అని ఊరుకున్నవాళ్ల జోలికి నేను పోలేదు."

మేనేజరు నీళ్లు నమిలాడు. "బాగా అమ్ముడుపోతోంది... వచ్చేవారం చూద్దాం."

"ఈలోపు ఇంకెవరికైనా కాలితే?" ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ రివ్యూలు మీరు చదివేదాకా కదలను."

విసుక్కుంటూనే చదవడం మొదలుపెట్టాడు. నాలుగోది అయ్యేసరికి, ఐదోదాంట్లో ఏముంటుందో చూడకుండానే చెప్పేశాడు. ఫోనందుకుని అమ్మకం ఆపించాడు.

కెటిల్ వాడొద్దని కొన్నవాళ్లందరికీ ఆమె అక్కడే కూర్చుని కబురు రాసింది.