కుట్టు ఊడిన పట్టీ

మిషన్ మీంచి తీసిన పట్టీని వదిన అలవాటుగా ఒకసారి గట్టిగా లాగి చూసింది. కుట్టు మొదలు నుంచి చివరిదాకా పటపటా ఊడిపోయింది.

ఇంకో పట్టీ లాగింది. అదీ అంతే. ఆమె కుట్టేవి చేతిసంచులు కావు, పసిపిల్లల్ని గుండెకు కట్టుకుని తిరిగే క్యారియర్లు. పాత దారం దొరకలేదని ఈ వారం కొత్త కండె తెచ్చి, నీలం రంగువన్నీ దాంతోనే కుట్టింది. త్వరగా కావాలని ఇంట్లో తొందరపెడుతుంటే అప్పటిదాకా కుట్టినవి లాగి చూడకుండానే మూట కట్టేసింది.

ముందుగదిలో ఆడపడుచు ఫోను టింగుమంటూనే ఉంది. నోరు ఒక్క క్షణం ఊరుకోదని ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. కుట్టడం వదిన వంతు, వీడియోలూ యాప్‌లో షాపూ పిచ్చుక వంతు.

"వదినా, మన వీడియో ఎక్కడికో వెళ్ళిపోయింది. క్యారియర్ మీద ట్యాగ్ నొక్కుతున్నారు, ధర చూస్తున్నారు, అక్కడికక్కడే కొనేస్తున్నారు."

"ఏ క్యారియర్ ట్యాగ్ చేశావ్?"

"నీలందే. కొత్తది కదా."

"వెంటనే అమ్మకం ఆపు."

వదిన ఊడిన పట్టీ ఆమె ఒళ్ళో పడేసింది. పిచ్చుక దాన్ని తిప్పి చూసింది. అయినా వేలు కదల్లేదు.

"వచ్చిన ఆర్డర్లు మనమే రద్దు చేస్తే మన పేరు మీద మచ్చ పడుతుంది వదినా. ఎక్కువైతే షాపే మూసేస్తారు. కుట్టు మళ్ళీ వేసి పంపుదాం, నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమైంది?"

"పాత దారం ఎప్పుడు దొరుకుతుందో నాకే తెలీదు. పోతే షాపు పోనీ. ముందు సరుకు సున్నా చెయ్యి."

పిచ్చుక కేటలాగులోకి వెళ్ళి నీలం క్యారియర్ నిల్వను సున్నా చేసింది. ఆపైన వీడియోను సవరించి ట్యాగ్ తీసేసింది. కొత్త ఆర్డర్లు ఆగాయి. వచ్చినవి మాత్రం వరుసలో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి రద్దు కొట్టింది, కట్టిన డబ్బు తిరిగి వాళ్ళకే వెళ్తుంది. చివరిదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది రద్దవ్వదు. పొద్దున్నే కొరియర్‌కి ఇచ్చేశా. ఇప్పుడు చూస్తే చేరిందని చూపిస్తోంది."

ఆర్డర్ పక్కనే మెసేజ్ పెట్టింది. వాడొద్దని, పట్టీ ఊడుతుందని రాసింది. అవతలివాళ్ళు చూసిన గుర్తు రాలేదు. ఫోన్ నంబరు యాప్ చూపించదు, పార్సిల్ మీద అతికించడానికి చిరునామా మాత్రం ఇస్తుంది. ఊరు ఇదే.

"స్కూటర్ తాళం ఎక్కడ పెట్టావ్?" అంది వదిన.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వెనక కూర్చున్న పిచ్చుక ఫోన్ తీసి చూస్తోంది, మెసేజ్ చూసిన గుర్తు మాత్రం లేదు.

ఆ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వాళ్ళు రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి పైనుంచి ఒకావిడ దిగుతోంది. ఎదన నీలం క్యారియర్, అందులో నిద్రపోతున్న పాప, రెండు చేతుల్లోనూ సంచులు.

"అమ్మా, అక్కడే ఆగండి," అంది వదిన. గొంతు పెంచలేదు. "పాపను రెండు చేతులా పట్టుకోండి. సంచులు కింద పెట్టేసి."

"ఎవరు మీరు?"

"ఇది కుట్టింది నేనే. కుట్టు మంచిది కాదు. దయచేసి పట్టుకోండి."

ఆవిడ అనుమానంగానే చూసింది, కానీ సంచులు దింపి పాపను హత్తుకుంది. వదిన ఆవిడ వెనక్కి వెళ్ళి బకిల్ విప్పింది. పిచ్చుక పాప కింద చెయ్యి పెట్టింది. క్యారియర్ జారి వదిన చేతికొచ్చాక, ఆవిడ కళ్ళముందే పట్టీ రెండు వైపులా పట్టుకుని లాగింది. మొదటిసారి నిలిచింది. రెండోసారి కుట్టంతా విచ్చుకుంది.

ఆవిడ మెట్టు మీదే కూలబడింది.

"నేను సంతకి బయల్దేరాను," అంది. "మీరు ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే?"

తప్పు తనదేనంది వదిన. డబ్బు ఈ రోజే వెనక్కి వేయిస్తానంది. ఆవిడ పాపను పైకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

సాయంత్రానికి ఆవిడ షాపు పేజీలో ఒక్క స్టార్ ఇచ్చి, జరిగిందంతా రాసింది. వాళ్ళే పరుగెత్తుకుంటూ వచ్చారని కూడా రాసింది. మర్నాడు యాప్ నుంచి నోటీసు వచ్చింది: రద్దులు ఎక్కువయ్యాయి కనుక కొన్నాళ్ళు ట్యాగింగ్ ఆపేస్తున్నామని.

పిచ్చుక నోటీసు చదివి ఫోన్ బోర్లించింది.

"నువ్వు ఆపమనకపోతే నేను రద్దు నొక్కేదాన్ని కాదు వదినా. పంపేసేదాన్నే."

"తెలుసు," అంది వదిన. "నేను లాగి చూసుంటే నీకా పరీక్షే వచ్చేది కాదు. రా, ఆ నీలంవన్నీ విప్పదీయాలి."

ఇద్దరూ నేల మీద కూర్చుని, తలా ఒక కత్తెర తీసుకున్నారు.