మూడు నిమిషాలు దాటితే

కొత్తవలసకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం మూతపడి పద్నాలుగు నెలలైంది. మురళీమోహన్ అందులో పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు, చివరి ఆరేళ్ళూ షిఫ్టు ఇన్‌ఛార్జిగా. కొలిమి హోరుకి చెవులు సగం పోయాయి. నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

రాయపూర్ దగ్గర ఒక ప్లాంటువాళ్ళు వీడియో ఇంటర్వ్యూకి పిలిచారు. గురువారం పదకొండు గంటలకని విశాఖపట్నంలోని నియామకాల ఏజెన్సీ నుంచి శ్రీలలిత అనే అమ్మాయి మెయిల్ పెట్టింది. అతని కూతురు శ్రావణి దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. ఆమె విజయనగరంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

"మనూర్లో నెట్టు సరిగ్గా ఉండదని ముందే సెప్పేద్దాం నాన్నా," అంది.

"నెట్టు కూడా లేనోడినని సెప్పుకోమంతావా?"

"పోయినసారి సెప్పకపోతే ఏటయింది?"

మురళీమోహన్ పోయినసారి ఇంటి దగ్గరే కూర్చున్నాడు. ఏడో నిమిషంలో బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కలిసేసరికి అవతల ఎవరూ లేరు. అభ్యర్థి మధ్యలో వెళ్ళిపోయాడని రాసుకున్నారట.

చివరికి ఒప్పుకున్నాడు. శ్రావణి రాయబోతే ఆపి, తనే ఫోన్ చేశాడు. శ్రీలలిత విసుక్కోలేదు.

"ముందే చెప్పడం మంచిదండీ. మరి ఏం చేద్దామనుకుంటున్నారు?"

అతను ఆలోచించి పెట్టుకున్నదంతా చెప్పాడు. కొత్తవలస స్టేషన్ రోడ్డులో గిరిబాబు నెట్ సెంటర్ ఉంది, బ్రాడ్‌బ్యాండ్ ఉంది, అక్కడ కూర్చుంటాడు. అది పోతే కూతురి ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఉంది, దాని హాట్‌స్పాట్ మీద కలుస్తాడు. మూడు నిమిషాలు దాటినా కలవకపోతే వాళ్ళే తన మామూలు ఫోన్‌కి చేస్తే, మిగతాది మాటల్లోనే పూర్తి చేయొచ్చు.

"బాగుంది. ఇదే మెయిల్లో రెండు ముక్కలు రాసి పంపండి, మీ నంబర్‌తో సహా. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి నేను పంపిస్తాను. బుధవారం ఇదే టైముకి అక్కడినుంచే ఒకసారి నాతో కలిసి చూడండి."

బుధవారం అంతా సవ్యంగా నడిచింది. గొంతు స్పష్టంగా ఉందనీ, కిటికీ వెనకవైపు పడి మొహం నల్లగా కనిపిస్తోందనీ ఆమె చెప్పింది. గిరిబాబు బల్లని అటు తిప్పాడు.

గురువారం అవతల ఇద్దరున్నారు. ప్రశ్నలన్నీ వేసింది టెక్నికల్ హెడ్ మోహనకృష్ణ. ఎలక్ట్రోడ్ల గురించి, కరిగిన లోహాన్ని బయటికి తీసే పద్ధతి గురించి అడుగుతుంటే మురళీమోహన్ తడుముకోకుండా చెప్పాడు. పక్కన గోడవైపు కూర్చున్న శ్రావణికి నాన్న గొంతులో అంత ధీమా విని చాలా రోజులైంది.

పావుగంట గడిచాక మోహనకృష్ణ కాగితం తిప్పాడు.

"మూడేళ్ళ కిందట మీ ప్లాంటులో కొలిమి పేలి ఒకాయన చనిపోయారు. ఆ షిఫ్టు మీదేనా?"

"నాదేనండి."

"ఎందుకు పేలింది?"

మురళీమోహన్ నోరు తెరిచాడు. తెరమీద మోహనకృష్ణ మొహం అలాగే బిగుసుకుపోయింది.

గిరిబాబు వెళ్ళి మోడెమ్ చూశాడు. ఎర్ర దీపం. "రోడ్డు తవ్వుతన్నారు కదా, కేబుల్ తెగ్గొట్టేసుంతారు. సాయంత్రం దాకా రాదు."

శ్రావణి తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది. కలిసినట్టే కలిసి తెగిపోయింది.

మురళీమోహన్ బల్లమీదున్న తన ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. అది మోగకపోతే బాగుండుననిపించింది. ఎందుకు పేలిందో విచారణలో ఒకలా చెప్పాడు. ఇంట్లో ఒకలా చెప్పాడు. చనిపోయిన నరసింగరావు భార్యకి ఇంకోలా చెప్పాడు. ఎక్కడా ఉన్నదున్నట్టు చెప్పలేదు. నెట్టు పోయిందని ఇప్పుడు ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ మూడు నిమిషాలకు ఫోన్ చేయమని రాసింది తనే.

ఫోన్ మోగింది. స్పీకర్ పెడితే తప్ప అతనికి వినపడదు. శ్రావణి బయటికి వెళ్దామని లేవబోయింది. అతను ఆమె వైపు చూడకుండానే స్పీకర్ పెట్టాడు.

"మురళీమోహన్ గారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నాం. వినిపిస్తోందా?"

"వినిపిస్తాందండి."

"ఆ పేలుడు ఎందుకు జరిగిందని అడిగాను."

బయట గూడ్సు బండి వెళ్ళే చప్పుడు తగ్గేదాకా అతను ఆగాడు.

"ముడిసరుకు తడిగా ఉన్నాదండి. రెండ్రోజులు వాన. ఆరబెట్టే యంత్రం పాడైపోనాది. తడి సరుకు కొలిమిలో పడితే ఆవిరై ఎగజిమ్ముతాదని నాకు తెలుసు. ఆపీమని సెప్పాల్సింది నేనే. పైనుంచి ఉత్పత్తి తగ్గిపోతన్నాదని ఒకటే ఫోన్లు. ఆపలేదు."

"విచారణ నివేదికలో సరుకు పొడిగా ఉందని ఉంది."

"షిఫ్టు పుస్తకంలో అలా రాసింది నేనేనండి. అయిపోయాక రాసినాను."

"చనిపోయినాయన అక్కడికి ఎందుకు వెళ్ళారు?"

"కొలిమిలో గుట్ట కట్టిన సరుకు కడ్డీతో పొడిసి దింపమని నేనే పంపినాను. మా వీధాయనే. నరసింగరావు."

మోహనకృష్ణ ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, చెప్పినందుకు కృతజ్ఞతలని పెట్టేశాడు.

ఊరికి ఆటోలో వస్తున్నంతసేపూ శ్రావణి బయటికే చూసింది. చిన్నప్పుడు సగం రోజులు ఆమె నరసింగరావు ఇంట్లోనే ఉండేది. అతని సైకిల్ మీదే బడికి వెళ్ళింది. ఇల్లు చేరాక తల్లి తులసి, "ఎలా అయినాది?" అని అడిగితే, "నెట్టు పోనాది. ఫోన్లో అయినాది," అని శ్రావణి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తండ్రి ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేసింది.

సోమవారం శ్రీలలిత ఫోన్ చేసింది.

"వాళ్ళు తీసుకోలేదండీ. నెట్ విషయం కాదు. ముందే చెప్పడం, చెప్పినట్టే దొరకడం బాగుందన్నారు. నిజం చెప్పినందుకు గౌరవం ఉంది గానీ, కొలిమి మాత్రం అప్పగించలేనన్నారట మోహనకృష్ణ గారు. మీతో చెప్పమనే అన్నారు."

"సరేనమ్మా."

"వేరే చోట ఏమైనా ఉంటే చెప్తాను."

"కొలిమి కాకుండా సూడమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం చొక్కా వేసుకుని నరసింగరావు భార్య దేముడమ్మ ఇంటికి వెళ్ళాడు. భర్త పోయాక ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. గుమ్మంలో కూర్చుని చేటలో ఉలవలు ఏరుతోంది. పీట చూపించింది. అతను కూర్చోలేదు. ఫోన్లో చెప్పిన మాటలే వరసగా చెప్పాడు. తడి సరుకు, తాను ఆపకపోవడం, తానే పంపడం, పుస్తకంలో రాసిన అబద్ధం.

దేముడమ్మ చేతులు ఆగాయి.

"ఆయన తప్పేనని కదా సెప్పినావు నాకు. సెప్పిన మాట ఇనకుండా కొలిమి దగ్గరికెల్లిపోనాడని."

"అవును వదినా."

"మూడేళ్ళు ఆయన్నే తిట్టుకున్నాను. నన్నొదిలేసి పోడానికి అంత తొందరేటని, పొద్దున్న లేస్తే తిట్టుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "ఎవులికి సెప్పినావు ముందు?"

"ఉద్యోగం ఇచ్చేవోల్లకి."

"ఇచ్చినారా?"

"నేదు."

ఆమె తల ఊపింది. చేట తీసుకుని లేచింది.

"రేపు పంచాయితీ ఆఫీసుకి రా. ఇదే అందరి ముందర సెప్పు. కాయితం మీద రాసి సంతకం ఎట్టు."

"వస్తాను."

"ఇంక నన్ను వదినా అనకు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అతను ఇంటికి వచ్చి, శ్రావణిని ఒక తెల్లకాగితం అడిగాడు. ఆమె కాగితం, కలం తెచ్చి బల్లమీద పెట్టి, కొంచెం దూరంగా నిలబడింది.